ఒకే కంట్లో నొప్పి, ఎరుపు, మసక: ఏది ఆ రోజే చూపించాలి?

ప్రశ్న: మా నాన్నకు 54 ఏళ్లు, వ్యవసాయం. ఐదు రోజుల క్రితం వరి కోత మిషన్ దగ్గర కుడి కంట్లో ఏదో పడింది. నలుపుకుని, బోరు నీళ్లతో కడుక్కున్నాడు. మర్నాడు ఎర్రబడితే మెడికల్ షాపులో చుక్కల మందు ఇచ్చారు. రెండు రోజులు తగ్గినట్టే ఉంది. నిన్నటి నుంచి మళ్లీ ఎరుపు, గట్టి నొప్పి, మసక. వెలుతురు చూడలేకపోతున్నాడు. ఎడమ కన్ను బాగానే ఉంది. మా ఊరి ఆర్ఎంపీ గారు ఇది కళ్లకలకే, చుక్కలు మార్చి చూద్దాం అంటున్నారు. ఇవాళ శనివారం. సోమవారం టౌనుకు తీసుకెళ్తే చాలా?

జవాబు:

చాలదండీ. ఇవాళే బయలుదేరండి. ఇది చదవడం పూర్తయ్యాక కాదు, ముందు బండి మాట్లాడుకుని దారిలో చదువుకోండి. నేను కంటి డాక్టర్ని, ఎక్కువ కాలం కార్నియా విభాగంలోనే పనిచేశాను. మీరు రాసిన ఈ వరుస, అంటే పొలంలో నలుసు పడటం, షాపు చుక్కలు, రెండు రోజుల ఊరట, ఆ తర్వాత తిరగబెట్టడం, మాకు కోతల కాలంలో ఎదురయ్యేదే. చూడకుండా రోగం పేరు ఖాయం చేయను. కానీ మొట్టమొదట అనుమానించాల్సింది నల్లగుడ్డు మీద పుండు, అందులోనూ ఫంగస్ పుండు.

ముందు కళ్లకలక సంగతి తేల్చేద్దాం. 2023 వానాకాలంలో రెండు రాష్ట్రాల్లోనూ ఊళ్లకు ఊళ్లు కళ్లకలకతో ఎర్రబడ్డాయి కాబట్టి ఎర్ర కన్ను కనిపిస్తే అందరి నోటా అదే మాట వస్తుంది. కళ్లకలకలో కన్ను ఎర్రబడుతుంది, నీరు కారుతుంది, పొద్దున్నే రెప్పలు పుసులతో అతుక్కుంటాయి, ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో రెండో కంటికీ పాకుతుంది. చూపు మాత్రం పెద్దగా తగ్గదు. పుసి అడ్డం వచ్చి మసకేసినా, రెప్ప నాలుగుసార్లు ఆడిస్తే, లేదా తుడిస్తే తేటపడుతుంది. లోపల పోటు ఉండదు. మీ నాన్నగారికి అయిదో రోజుకీ ఒక కన్నే. గట్టి నొప్పి. మసక. వెలుతురు పడట్లేదు. నొప్పి, ఎరుపు, మసక ఈ మూడూ ఒకే కంట్లో కలిసొస్తే దాన్ని కళ్లకలక కింద జమకట్టకూడదు. ఇంటి దగ్గరే ఒక చిన్న పరీక్ష: ఎడమ కన్ను అరచేత్తో మూసి, కుడి కంటితో గోడ మీది క్యాలెండర్ చదవమనండి. తర్వాత కన్ను మార్చి చదవమనండి. రెప్పలాడించినా ఆ తేడా పోకపోతే మసక పుసి వల్ల వచ్చింది కాదు. అలాగే ఫోన్ టార్చి పక్క నుంచి వేసి నల్లగుడ్డు మీద చూడండి. సజ్జగింజంతైనా సరే, తెల్లటి లేదా బూడిద రంగు మచ్చ కనిపిస్తే ఇక ఒక్క గంట కూడా ఆగకూడదు. మచ్చ కనిపించలేదని ఆగిపోవద్దు. చిన్న పుండు టార్చికి చిక్కదు.

నల్లగుడ్డు ముందు గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర పేరు కార్నియా. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. దాని పై చర్మం గీసుకుపోతే మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల్లో దానంతటదే పూడుకుంటుంది. అందుకే కంట్లో నలుసు పడిన వాళ్లలో చాలామందికి ఏమీ కాదు. వడ్ల పొట్టు, వరి ఆకు అంచు, చెరకు ఆకు, పత్తి కట్టె వంటివి గీసినప్పుడు చిక్కేమిటంటే, గీతతో పాటు ఆ మొక్క మీదున్న ఫంగస్ బీజాలనూ లోపల నాటుతాయి. ఫ్యుసేరియం, ఆస్పర్జిల్లస్ అనే రెండు జాతులు మన దక్షిణాది పొలాల్లో ఎక్కువగా ఈ పని చేస్తాయి. బ్యాక్టీరియా పుండు ఒకటి రెండు రోజుల్లోనే ఉధృతమవుతుంది. ఫంగస్ మెల్లగా పెరుగుతుంది, అయిదారు రోజుల నుంచి రెండు వారాల్లో బయటపడుతుంది. అందుకే ఆ రోజు పడిన నలుసుకీ ఈ రోజు మసకకీ సంబంధం ఉందని ఇంట్లో వాళ్లకు తోచదు. మీరు దాన్ని మర్చిపోకుండా రాశారు, ఆసుపత్రిలో కూడా మొదటి వాక్యంగా అదే చెప్పండి.

ఇప్పుడు ఆ చుక్కల సీసా తీయండి. పెద్దక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు పక్కన పెట్టి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్, వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. ఒక్కోసారి ఇది ఒంటరిగా ఉండదు, మాక్సిఫ్లాక్సాసిన్, క్లోరాంఫెనికాల్ వంటి యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలో వస్తుంది. షాపులో యాంటీబయాటిక్ చుక్కలే అని ఇస్తారు, ఇచ్చినవాడికీ అంతకు మించి తెలియకపోవచ్చు. స్టెరాయిడ్ చేసే పని కంటిలోని వాపును, ఎరుపును అణచడం. ఎరుపు అంటే శరీరం ఆ చోటికి రక్షణకు మనుషుల్ని పంపుతోందన్న గుర్తు. వాళ్లను వెనక్కి పంపేస్తే కన్ను తెల్లబడుతుంది, నొప్పి తగ్గుతుంది, అంతా బాగైందనుకుంటారు. అడ్డు లేకపోయేసరికి ఫంగస్ పోగులు కార్నియా లోతుకు దిగుతాయి. రెండు రోజుల ఊరట, ఆ తర్వాత మొదటి కంటే ఎక్కువ నొప్పి అన్న కథ వినగానే మేము సీసా అడిగేది ఇందుకే. సీసాలో స్టెరాయిడ్ ఉన్నా లేకపోయినా ఇక ఆ చుక్కలు వేయకండి. పారేయకండి కూడా, వెంట తీసుకెళ్లండి.

దారిలో ఇంకేం చేయకూడదో చెబుతాను. కన్ను నలపనివ్వకండి. దూది పెట్టి కట్టు కట్టకండి, పుండున్న కంటికి వెచ్చగా మూసి ఉంచడం పనికిరాదు. ఎండకు నల్ల కళ్లద్దాలు చాలు. పసరు, ఆముదం, చనుబాలు, నందివర్ధనం పూలరసం, రోజ్‌వాటర్, ఏదీ వద్దు. కొన్ని ఊళ్లలో నాలుకతో నలుసు తీసే వాళ్లుంటారు, వాళ్ల దగ్గరికీ వద్దు. నోటి క్రిములు నేరుగా పుండులోకి పోతాయి. నొప్పికి పారాసెటమాల్ మాత్ర ఇవ్వవచ్చు. ఎక్కడైనా కన్ను మొద్దుబారే చుక్కలు వేసి, హాయిగా ఉంది కదా అని సీసా చేతికిస్తే తీసుకోకండి. పరీక్ష కోసం డాక్టర్ ఒకటి రెండు చుక్కలు వేయడం వేరు, ఇంట్లో వాడితే పుండు మానదు, పెరుగుతున్నా తెలియదు.

ఎక్కడికి వెళ్లాలన్నది మీ జిల్లాను బట్టి ఉంటుంది. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటే: అక్కడ కంటిని పెద్దది చేసి చూసే స్లిట్ ల్యాంప్ యంత్రం ఉందా, కార్నియా పుండు గీకి సూక్ష్మదర్శినిలో చూసే ల్యాబ్ ఉందా? హైదరాబాద్‌లో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నం, కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ప్రభుత్వానివి. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు హైదరాబాద్, విశాఖ, విజయవాడలో పెద్ద కేంద్రాలున్నాయి. తిరుపతిలో అరవింద్, గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉన్నాయి. ఇవి దూరమైతే జిల్లా ఆసుపత్రిలో కంటి విభాగానికి, లేదా దగ్గర్లోని కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి పంపించుకోవడం మేలు. బయలుదేరే ముందు ఫోన్ చేసి, పొలంలో దెబ్బ తగిలిన కన్ను, ఒక్కటే, నొప్పి, మసక అని ఈ మాటల్లోనే చెప్పండి. కన్ను ఎర్రగా ఉందని మాత్రం అంటే రిసెప్షన్‌లో సోమవారం టోకెన్ రాస్తారు. శనివారం సాయంత్రం ఓపీ మూసేస్తే ఎమర్జెన్సీ ఎటని అడగండి.

అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిస్తే నాన్నగారు బెదరరు. మొదట ఒక్కో కంటి చూపు విడివిడిగా అక్షరాల చార్టు మీద రాసుకుంటారు. తర్వాత నారింజ రంగు కాగితం పట్టీ రెప్పలోపల తాకించి నీలిరంగు వెలుగులో చూస్తారు. పై చర్మం ఊడిన చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. స్లిట్ ల్యాంప్‌లో పుండు అంచులు, లోతు, కార్నియా వెనకాల అడుగున తెల్లగా చీము తేరిందా అన్నది చూస్తారు. ఫంగస్ పుండు తరచుగా పొడిగా, కాస్త ఉబ్బెత్తుగా, అంచుల్లో ఈక కుచ్చుల్లా చీలి ఉంటుంది. చూసినంత మాత్రాన ఎంత అనుభవం ఉన్నా ఖాయంగా చెప్పలేం, పొరపడతాం. అందుకే మొద్దుబారే చుక్క వేసి, పుండు అంచునుంచి చిన్న బ్లేడుతో కాస్త గీకి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి చూస్తారు. ఫంగస్ పోగులు అప్పటికప్పుడే, నిమిషాల్లో కనిపిస్తాయి. మిగతాది క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపిస్తారు, దానికి రోజులు పడుతుంది. గీకడం అనగానే చాలామంది ఒప్పుకోరు. నొప్పి తెలియదు, పుండు మీది చచ్చిన పొర పోయి మందు లోపలికి ఇంకడానికీ ఉపయోగమే, ఒప్పించండి. చక్కెర పరీక్ష కూడా చేయమని అడగండి. ఈ వయసులో తెలియని షుగర్ ఉంటే పుండు మానడం ఆలస్యమవుతుంది.

ఫంగస్ అని తేలితే మొదటి మందు 5 శాతం నాటమైసిన్ చుక్కలు. మన దక్షిణాదిలోనే అరవింద్ ఆసుపత్రుల్లో జరిగి 2013లో ప్రచురితమైన ఒక పెద్ద పోలికలో ఇది వొరికొనజోల్ అనే మరో ఫంగస్ మందు కంటే మెరుగని తేలింది. ఫ్యుసేరియం పుండ్లలో ఆ తేడా మరీ స్పష్టం. మొదట్లో మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి వేయాలి, తర్వాత డాక్టర్ చెప్పినట్టు తగ్గిస్తూ వారాల తరబడి. సీసా ప్రతిసారీ బాగా కుదిపి వేయాలి, ఎందుకంటే మందు అడుగున పేరుకుంటుంది. వేశాక కంట్లో, రెప్పల మీద తెల్లటి పిండిలా కనిపిస్తే అది మందే, చీము కాదు. ఫంగస్ పుండు మెల్లగా మానుతుంది. వారం దాటినా చూపు రాలేదని మందు మానేసి ఇంకో డాక్టర్‌ను వెతుక్కునే వాళ్లున్నారు, వాళ్ల కన్నే ఎక్కువగా పోతుంది. మానిన చోట మచ్చ మిగులుతుంది, మన ఇళ్లలో పువ్వు వేసిందంటారే అదే. నల్లగుడ్డు నడిమధ్యలో పడితే చూపు తగ్గుతుంది, పక్కకు పడితే పెద్దగా తేడా ఉండదు. ఒక రోజు ముందు వెళ్లడం వెనకున్న లెక్క ఇదే, పుండు మధ్యకు పాకక ముందే ఆపడం.

ఇది మీ నాన్నగారి కథ. ఇవే మూడు లక్షణాలు వేరేవాళ్లకు వస్తే కారణం మారుతుంది కానీ, ఆ రోజే చూపించాలన్న మాట మారదు. ఇది చదివే వాళ్లలో ఇంట్లో పెద్దవాళ్లున్న వాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి పెద్దవాళ్లకు వచ్చే రెండో రకాన్ని కొంచెం వివరంగా రాస్తాను. ఇది ఎక్కువగా వచ్చేది యాభై దాటిన ఆడవాళ్లకు, దూరపు చూపుకే ప్లస్ కళ్లద్దాలు వాడేవాళ్లకు. సాయంత్రం వేళో, సినిమా హాల్లోనో, చీకటి పడుతుండగానో ఉన్నట్టుండి ఒక కంట్లోనూ ఆ పక్క తలలోనూ భరించలేని నొప్పి, లైట్ల చుట్టూ రంగుల వలయాలు, మసక, దాంతో వాంతులు. వాంతులు చూసి ఇంట్లో వాళ్లు గ్యాస్ అనుకుంటారు, డ్యూటీ డాక్టరు మైగ్రేన్ అనుకుని ఇంజెక్షన్ ఇస్తాడు. కంటి కేసి చూసేది ఎవరూ ఉండరు. కంటిలోపలి నీరు బయటికి పోయే కోణం ఒక్కసారిగా మూసుకుపోయి ఒత్తిడి ఎగబాకడం దీనికి కారణం, అక్యూట్ యాంగిల్ క్లోజర్ అంటాం. మామూలు ఒత్తిడి పాదరసం కొలతలో 10 నుంచి 21 మిల్లీమీటర్లుంటే ఇందులో 40, 50, అంతకు మించి పోతుంది. కనుపాప పక్క కంటికన్నా పెద్దదై, వెలుతురు వేసినా ముడుచుకోకుండా ఉండిపోతుంది. మూసిన రెప్ప మీద నుంచి వేలితో మెల్లగా తాకితే ఆ కన్ను రాయిలా తగులుతుంది. కంటి నరం అంత ఒత్తిడిని ఎక్కువసేపు తట్టుకోలేదు, గంటలు లెక్క. ఎసిటజోలమైడ్, మానిటాల్ వంటి మందులతో ఒత్తిడి దించి, ఆ తర్వాత లేజర్‌తో కనుపాప చుట్టూ ఉండే రంగు పొరలో చిన్న రంధ్రం చేస్తారు. రెండో కంటికీ ముందుజాగ్రత్తగా చేస్తారు, దాన్ని వద్దనకండి. కిడ్నీ, గుండె జబ్బులున్నా, సల్ఫా మందులు పడకపోయినా ముందే చెప్పాలి.

మూడోది లోపలి వాపు, యువైటిస్. కుర్రాళ్లకు, నడివయసు వాళ్లకు వస్తుంది. నలుసు పడిన గుర్తు ఉండదు, పుసులుండవు. వెలుతురు చూస్తే పోటు, ఎరుపు నల్లగుడ్డు చుట్టూ వలయంలా, కనుపాప చిన్నదై ఒక్కోసారి వంకరగా. పొద్దున లేవగానే నడుం పట్టేసే కుర్రాడికి ఇలా వస్తే ఆ రెండూ ఒకే జబ్బులో భాగం కావచ్చు. దీని వైద్యం ఏమిటో తెలుసా? స్టెరాయిడ్ చుక్కలే. మీ నాన్నగారి కంటికి విషమైనదే ఈ కంటికి మందు. బయటికి రెండు కళ్లూ ఒకేలా ఎర్రగా ఉంటాయి. తేడా స్లిట్ ల్యాంప్‌లోనే కనిపిస్తుంది, మెడికల్ షాపు కౌంటర్ మీద కనిపించదు. పక్కింటాయనకు ఆ చుక్కలతోనే తగ్గిందన్న మాటకు విలువ లేకపోవడానికి కారణం ఇది. హెర్పిస్ వైరస్ పుండూ ఇంతే, బయటికి మామూలు ఎర్ర కన్ను, స్టెరాయిడ్ పడితే ఇంకా పాకుతుంది.

మిగతావి క్లుప్తంగా. శుక్లం ఆపరేషన్ అయిన కన్ను, ముఖ్యంగా మొదటి వారం పది రోజుల్లో, నొప్పి పెరిగి చూపు తగ్గితే లోపల చీము పట్టిందనుకుని ఆపరేషన్ చేసిన చోటికే ఆ పూటే వెళ్లాలి. చెకప్ తేదీ దాకా ఆగితే కన్ను దక్కకపోవచ్చు. కాంటాక్ట్ లెన్సులు వాడే పిల్లలకు ఇలా వస్తే లెన్సు తీసేసి, డబ్బాతో సహా తీసుకెళ్లాలి, సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లో కార్నియాను కరిగించగలదు. నుదుటి మీద, ముక్కు కొస మీద ఒక పక్కనే పొక్కులు లేచి అదే పక్క కన్ను ఎర్రబడితే, అది సర్పి, యాంటీవైరల్ మాత్రలు తొలి మూడు రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ మేలు. సుత్తి, ఉలి, గ్రైండర్ పని చేస్తుండగా ఏదైనా చివుక్కున తగిలితే లోపల ఇనుపముక్క దిగి ఉండవచ్చు. కడగకుండా, నొక్కకుండా, కంటికి తగలకుండా కాగితపు కప్పు అడుగు పెట్టి టేపు వేసి తీసుకెళ్లాలి. సున్నం, యాసిడ్, పురుగుమందు పడితే మాత్రం వరుస తిరగేయాలి. ముందు అక్కడికక్కడే శుభ్రమైన నీళ్లు ధారగా కనీసం అరగంట పోసి, రెప్పల కిందున్న సున్నం ముక్కలు తీసి, ఆ తర్వాతే ఆసుపత్రికి.

మళ్లీ మీ నాన్నగారి దగ్గరికి వస్తాను. మందు మొదలుపెట్టాక మంచివైపు వెళ్తోందని తెలిసేది ముందు నొప్పిలో, వెలుతురు ఓర్చుకోవడంలో. చూపు చివర్లో వస్తుంది. మూడు నాలుగు రోజులకోసారి, మొదట్లో రోజూ కూడా రమ్మంటారు, ఎంత దూరమైనా వెళ్లండి, అవసరమైతే అక్కడే ఒక గది తీసుకుని ఉండండి. మందులతో లొంగకపోతే దాత కార్నియాతో మార్పిడి చేస్తారు. అది చూపు కోసం కంటే ముందు కంటిని నిలబెట్టడానికి. ఇంకొక సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఏ రాత్రయినా కంటి నుంచి వేడినీళ్లు ఒక్కసారిగా బుస్సున కారినట్టయి, ఆ వెంటనే నొప్పి తగ్గిపోతే సంతోషించకండి, పుండు చిల్లుపడిందని అర్థం. కన్ను నొక్కకుండా, చుక్కలు వేయకుండా, తెల్లారేదాకా చూడకుండా అప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. చిల్లు చిన్నదైతే జిగురు మందుతో మూయవచ్చు.